ఏటన్నావో అది సెప్పు

“అరుణ, తమ్ముడు మోహనకృష్ణకి ఫోన్ సేసీసింది. పదింటికి బండి తెస్తాడట.”

తవిటమ్మ ఈ మాట కొడుకు వైపు చూడకుండా అంది. పెరట్లో ఎండ తగిలే చోట గుండిగ పెట్టి, నీళ్ళు నింపి, పసుపు కలిపి, వేపాకు దూసి అందులో వేస్తోంది. ఆటలమ్మ పోసి కోడలికి ఇది పన్నెండో రోజు. పొక్కులన్నీ మాడిపోయి చెక్కు కట్టాయి. ఈ రోజు మూడో నీళ్ళు పోసేస్తే అమ్మవారు ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది.

అమ్మవారితో పాటు కోడలు కూడా వెళ్ళిపోయేలా ఉంది.

గిరిబాబు పెరటి వసారా మెట్టు మీద కూర్చుని పన్నెండు రోజుల గడ్డం గోక్కున్నాడు. అమ్మవారు ఉన్న ఇంట్లో మగాడు గడ్డం గీసుకోకూడదు. తాలింపు పెట్టకూడదు. చెప్పులతో గుమ్మం ఎక్కకూడదు. గొంతు పెంచి మాట్లాడకూడదు. వీటిలో మొదటి మూడూ అతను పొల్లుపోకుండా పాటించాడు.

“ఎన్నాళ్ళకట?” అని అడిగాడు.

“నెలంది.”

“నెలే కదా.”

తవిటమ్మ వేపరెమ్మ పక్కన పెట్టి ఇప్పుడు కొడుకు వైపు చూసింది.

“జూన్‌లో చరితని సీపురుపల్లిలో ఏ బళ్ళో ఏస్తే బాగుంటాదని తమ్ముణ్ణి అడుగుతన్నాది. నా సెవులతో విన్నాను. నెలకని ఎల్లే మనిషికి జూన్ సంగతి ఎందుకురా?”

అయిదేళ్ళ కూతురు చరితకి మొదట ఆటలమ్మ పోసింది. ఆ పిల్ల తేరుకుని చీపురుపల్లిలో అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిన నాలుగో రోజున తల్లి మంచం పట్టింది. పిల్ల ఎలాగూ అక్కడే ఉంది. ఇప్పుడు తల్లి కూడా వెళ్తే ఈ ఇంటికి వాళ్ళని తిరిగి లాక్కొచ్చే తాడు ఏముందని గిరిబాబు భయపడ్డాడు.

“నేను తప్పు ఒప్పుకున్నాను గదే అమ్మా. నువ్వు సెప్పినట్టే సేసేను గదా.”

“ఒప్పుకున్నావు. అమ్మ శాంతించింది. లేపోతే పొక్కులు ఇంత నెమ్మదిగా మాడతాయేటి?”

తవిటమ్మ చెప్పినట్టు అతను చేసిన మాట నిజమే. అయిదో రోజు అతను పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. ఆరో రోజు పొద్దున్నే తల్లి అతని నెత్తిన చెంబెడు పసుపునీళ్ళు గుమ్మరించి, తడిబట్టలతో గది గుమ్మం ముందు నిలబెట్టింది. అతనికి చిన్నప్పుడు ఆటలమ్మ పొయ్యలేదు కాబట్టి, పొక్కులు ఎండేదాకా లోపలికి వెళ్ళొద్దని నెల్లిమర్ల డాక్టరు కూడా చెప్పాడు. అందుకని గడప ఇవతలే నిలబడి, గదిలో చాప మీద వేపాకుల మధ్య కూర్చున్న ఆకారం వైపు తిరిగి, “తల్లీ, తప్పైపోనాది. నా నోరు మంచిది కాదు. కాపాడు” అని చెంపలేసుకున్నాడు. పెరుగన్నం ముద్ద నైవేద్యం పెట్టారు. తవిటమ్మ కళ్ళు తుడుచుకుంది. అతను గుండె తేలికై కండువా దులుపుకుని కల్లానికి బయల్దేరాడు.

అప్పుడు లోపల్నుంచి అరుణశ్రీ గొంతు వినబడింది. జ్వరంతో బొంగురుపోయి ఉంది.

“అమ్మవారికి సెప్పీసేవు. బాగున్నాది. మరి నాకు?”

చెప్పిందంతా ఆవిడ వైపు తిరిగే కదా, మళ్ళీ విడిగా ఏమిటని అతనికి అర్థం కాలేదు. అర్థం కానప్పుడు చాలామంది మగవాళ్ళు చేసే పనే అతనూ చేశాడు. విననట్టు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆరు రోజులు ఆ గదిలోంచి అతనితో ఒక్క మాట రాలేదు. గ్లాసు కావాలన్నా, మాత్ర కావాలన్నా అత్తనే పిలిచింది.

“నాతో ఏటి? దానితో మాటాడు” అంది తవిటమ్మ. “నీళ్ళు ఎండకి కాగడానికి గంట పడతాది. ఆ గంటే నీకున్నాది.”

“తలుపేసుకుంది గదా.”

“సేతిలో ఫోన్ నేదా? ఊరందరికీ గుడ్మాణింగులు ఎడతావు.”

పది అడుగుల దూరంలో ఉన్న మనిషికి ఫోన్‌లో మాట పంపడం ఏమిటని అతనికి సిగ్గేసింది. అయినా ఫోన్ తీశాడు. మామూలుగా మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాసి పెడుతుంది. ఇప్పుడు మాట్లాడితే తలుపవతల ఆవిడకి వినిపిస్తుంది, గుండిగ దగ్గర అమ్మకీ వినిపిస్తుంది. పలుగూ పారా పట్టిన బొటనవేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు.

“అరుణా, నా మాటలకి నీకు బాధ కలిగి ఉంటే సారీ.”

కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి పంపాడు. లోపల ఫోన్ చప్పుడైంది. రెండు టిక్కులూ నీలంగా మారాయి. కాసేపటికి జవాబు వచ్చింది.

“ఉంటే?”

ఒక్క మాట. గిరిబాబు ఆ మాటని నాలుగుసార్లు చదివాడు. తను పంపినదాన్ని మళ్ళీ చదువుకుంటే నిజంగానే అది క్షమాపణలా లేదు. బాధ కలిగిందో లేదో నువ్వే తేల్చుకో, కలిగితే ఇది పుచ్చుకో అన్నట్టుంది. ఆరు రోజులు మాట్లాడని మనిషిని పట్టుకుని బాధ కలిగిందా అని అడిగినట్టయింది.

సరే, వివరంగా చెప్పాలనుకున్నాడు. ఈసారి వేలు చకచకా నడిచింది.

“అది కాదు అరుణా. ఆ రోజు నీకు తెలుసు గదా, మబ్బు కమ్ముకొచ్చేసింది. మొక్కజొన్న కండెలన్నీ కల్లంలో ఆరబోసి ఉన్నాయి. టార్పాలిన్ సిరిగిపోనాది. గింజలొలిచే మిషను పట్టుకుని రాముడు పక్క ఊరు ఎల్లిపోతానని ఫోన్ మీద ఫోన్. తడిస్తే గింజ బూజు పట్టేస్తాది. రెండు రాత్రులు నిద్ర నేదు. ఆ కోపం నీ మీదకొచ్చీసింది. మనసులో ఏటీ నేదు. అమ్మవారికి కూడా సెప్పుకున్నాను గదా.”

పంపాక ఒకసారి చదువుకున్నాడు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఎక్కడో తేడా కొట్టింది. ఎక్కడో తేలేలోపే టిక్కులు నీలమయ్యాయి. జవాబు కోసం చూస్తూ చూస్తూ ఆగలేక ఆ సందేశాన్ని ఇద్దరి దగ్గరా లేకుండా చెరిపేశాడు.

“తీసీసినా సదివీసేను బావా” అని వచ్చింది. వెనకే ఇంకొకటి వచ్చింది. “మొక్కజొన్న సంగతి బాగా రాసేవు.”

గిరిబాబు తల దించుకున్నాడు. ఆవిడ అలా అన్నాక అతనికీ తెలిసింది. అంత పొడుగు రాతలో మబ్బుంది, టార్పాలిన్ ఉంది, రాముడున్నాడు. ఒళ్ళంతా పొక్కులతో పడుకున్న మనిషి లేదు.

“నిన్ను అరిసేను. తప్పు. పూర్తిగా తప్పు” అని పంపాడు. ఇక ఇందులో పేచీకి సందు లేదని అతని నమ్మకం.

ఈసారి జవాబు ఆలస్యమైంది. రాస్తున్నట్టు పైన చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

“అరుపుకి నాకేటీ అవలేదు. నువ్వు ఎడ్లనీ అరుస్తావు, ట్రాక్టర్నీ అరుస్తావు. ఆరేళ్ళ నుంచీ వింటన్నాను. అరుపు కాదు. ఆ రోజు ఏటన్నావో అది సెప్పు.”

గిరిబాబు ఆ రోజుని మనసులో వెతుక్కున్నాడు. అసలు ఏమన్నాడు? గోల చేస్తున్నావన్నాడా? ఊరందరికీ వచ్చింది, నీకొక్కదానికేనా అన్నాడా? అలాంటిదే ఏదో అన్నాడు. మబ్బు గుర్తుంది. తాడు ముడి బిగించడం గుర్తుంది. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం గుర్తు లేదు.

అతను లేచి పెరట్లోకి వెళ్ళాడు.

“అమ్మా, ఆ రోజు నేనేటన్నాను?”

తవిటమ్మ గుండిగలో చెయ్యి పెట్టి నీళ్ళ వేడి చూస్తోంది. ఆ చెయ్యి అలాగే ఆగింది.

“నీకు గుర్తు నేదా?”

“అరిసేనని గుర్తున్నాది. మాట గుర్తు నేదు.”

“దాన్ని అంత మాటని, నువ్వు మరిసిపోనావా?” ఆమె గొంతు తగ్గించింది. “నేను సెప్పను. ఆ మాట నా నోట రాకూడదు. అమ్మ ఇంకా గడప దాటనేదు. మొహం మీద అమ్మవారు కూసున్నప్పుడు నువ్వన్న మాట నేను తిరిగి అంటే నా నాలుకకి మంచిది కాదు.”

“మొహం మీదా? మొహం సంగతేటన్నాను?”

“అడక్కురా. నీ నోటితో అన్నావు, నువ్వే తెచ్చుకో. లెగు, అవతలికి పో. నీళ్ళు కాగిపోనాయి. దాన్ని పెరట్లోకి తీసుకొస్తాను.”

ఆడవాళ్ళు నీళ్ళు పోసుకునేటప్పుడు మగాడు పెరటి వైపు ఉండకూడదు. గిరిబాబు వీధి వసారాలోకి వచ్చేశాడు. వెనక గది తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు, నెమ్మదిగా వేసిన అడుగులు, అత్తాకోడళ్ళు ఏదో చిన్నగా మాట్లాడుకోవడం వినబడ్డాయి. తర్వాత నీళ్ళు పడుతున్న శబ్దం.

ఫోన్ మోగింది. రాముడు.

“మావా, మిషను పట్టుకుని నీ కల్లం కాడే ఉన్నాను. మిగిలిన కుప్ప ఒలిసీమంటావా? తూర్పున మబ్బేస్తన్నాది. వేగిరం రా.”

గిరిబాబు ఆకాశం వైపు చూశాడు. నిజంగానే మబ్బుంది. కాళ్ళు తమంతట తాము మెట్టు దిగబోయాయి. మధ్యలో ఆగాడు.

“మధ్యాన్నం సూద్దాం రాముడూ. నాకిక్కడ పనుంది.”

“తడిసిపోద్ది మావా.”

“తడవనీ.”

ఆ మాట అన్నాక అతనికే వింతగా అనిపించింది. ఆ రోజు ఎందుకు ఈ మాట అనలేకపోయాడు?

గోనె సంచులు పేర్చిన మూల వైపు నడిచాడు, కూర్చోవడానికి ఒకటి లాగుదామని. సంచుల వెనక ఏదో గోడకి ముఖం పెట్టి ఆనించి ఉంది. తీసి తిప్పాడు. అద్దం. గదిలో గూటి పక్కన మేకుకి వేలాడే అద్దం. చెక్క చట్రం మీద పైన ఒక మూల మూడు బొట్టుబిళ్ళలు వరసగా అంటించి ఉన్నాయి. రోజూ పడుకోబోయే ముందు అరుణశ్రీ నుదుటి బిళ్ళ తీసి అక్కడే అంటిస్తుంది.

ఈ అద్దం బయటికెందుకు వచ్చింది?

వచ్చింది కాదు. ఆవిడే పంపేసింది. ఎంగిలి గిన్నెలతో పాటు అత్త చేతికిచ్చి బయట పెట్టించింది. అయిదో రోజు సాయంత్రం తవిటమ్మ దీన్ని పట్టుకుని వసారాలో నిలబడటం అతను చూశాడు, ఎందుకని అడగలేదు. ఆ రోజు పొద్దున్న ఇదే అద్దం అరుణశ్రీ చేతిలో ఉంది.

అప్పుడు అంతా గుర్తొచ్చింది.

గడప లోపల నిలబడింది. రెండు చేతులతో అద్దం పట్టుకుని ఉంది. నుదుటి నుంచి గడ్డం దాకా నీరు కారే పొక్కులు. “బావా, ఇవి మానేక మచ్చలుండిపోతాయేటి? ఒక్కసారి సూడు” అంది. భయపడుతూ అడిగింది. అతను వసారాలో టార్పాలిన్ తాడు బిగిస్తూ, తల కూడా తిప్పకుండా అన్నాడు.

“నీ మొహం ఇప్పుడెవులు సూడొచ్చేరు? ఎలాగుంటే ఏటి?”

గిరిబాబు అద్దం పట్టుకుని సంచి మీద కూలబడ్డాడు. ఆ మాట ఎవరో పరాయివాడు తన పెళ్ళాన్ని అని ఉంటే వాడి పళ్ళు రాలగొట్టేవాడు. అమ్మ ఆ మాటకి అమ్మవారు నొచ్చుకుంటుందని భయపడింది. తనూ అలాగే భయపడ్డాడు. భయపడి, చెంపలేసుకుని, నైవేద్యం పెట్టి, లెక్క తీరిపోయిందనుకున్నాడు. ఆ మొహం అమ్మవారిది కాదు. అరుణది.

పెరట్లో నీళ్ళ చప్పుడు ఇంకా ఆగలేదు. అతను ఫోన్ తీసి రాయడం మొదలుపెట్టాడు. ఒక వాక్యం రాసి ఆగాడు, చదువుకున్నాడు, మళ్ళీ రాశాడు. రెండు చోట్ల ‘కానీ’ వచ్చింది. ‘కానీ’ తర్వాత మళ్ళీ మబ్బూ మిషనూ వచ్చేస్తున్నాయి. రెండు చోట్లా ఆ మాటతో మొదలైందంతా కొట్టేశాడు. చివర ‘అందుకని ఎల్లకు’ అని రాశాడు. దాని వైపు చాలాసేపు చూశాడు. అది ఉంచితే ఈ రాతంతా ఆవిణ్ణి ఆపడానికి వేసిన ఎత్తులా ఉంటుంది. అది కూడా తీసేశాడు.

“అరుణా. ఆ రోజు నువ్వు అద్దం పట్టుకుని గుమ్మంలో నిలబడి, మచ్చలుండిపోతాయా, ఒక్కసారి సూడు అన్నావు. నేను తల తిప్పలేదు. నీ మొహం ఇప్పుడెవులు సూడొచ్చేరు, ఎలాగుంటే ఏటి అన్నాను. అంత మాట అని మరిసిపోయేను. ఇప్పుడు అద్దం సూస్తే గుర్తొచ్చింది. మరిసిపోవడం ఇంకో తప్పు.

చరితకి పోసినప్పుడు నేను కల్లంలో పడుకున్నాను. అది గీరుకోకుండా నువ్వు తొమ్మిది రోజులు దాని సేతులు పట్టుకుని కూసున్నావు. నీకొచ్చినప్పుడు నీ సేతులు ఎవులూ పట్టుకోలేదు. దగ్గరికి రావద్దని డాక్టరు సెప్పేడు, తల తిప్పి సూడొద్దని సెప్పలేదు. నువ్వు భయపడి అడిగేవు. నేను ఎక్కిరించేను. మబ్బు పట్టకపోయినా, పట్టినా అది తప్పే.

అమ్మవారికి సెప్పింది నా భయం కొద్దీ సెప్పేను. ఇది నీకు సెప్తన్నాను. నన్ను క్షమించు. ఇప్పుడే క్షమించాలని నేదు. ఎల్లాలనిపిస్తే ఎల్లు. ఆపడానికి రాయలేదు.”

పంపాడు. ఆవిడ ఫోన్ గదిలోనే ఉంది. రెండు టిక్కులు బూడిదరంగులో నిలబడ్డాయి.

నీళ్ళ చప్పుడు ఆగింది. అడుగులు గదిలోకి వెళ్ళాయి. తవిటమ్మ చేటలో వేపరెమ్మలూ పసుపూ పెట్టుకుని, అమ్మవారిని సాగనంపడానికి వీధి చివర రావి మొక్క దాకా వెళ్తూ వసారా దాటింది. కొడుకు చేతిలో అద్దం చూసి ఒక్క క్షణం ఆగింది. వెళ్ళిపోయింది.

టిక్కులు ఇంకా బూడిదరంగులోనే ఉన్నాయి.

ఆటో వచ్చింది. మోహనకృష్ణ దిగి, గుమ్మానికి కట్టిన వేపకొమ్మ కింద చెప్పులు విడిచి, లోపలికి రావాలా వద్దా అని నిలబడిపోయాడు. అతనికి బావ ముఖం చూడటం ఇష్టం లేదని నిలుచున్న తీరే చెబుతోంది.

“అక్క తయారేనా బావా?”

“లోపల ఉన్నాది.”

“అమ్మ సరిగ్గా పదకొండుకల్లా తీసుకొచ్చీమంది. ఎండెక్కితే దానికి మంచిది కాదు.”

“అవును” అన్నాడు గిరిబాబు.

మోహనకృష్ణ కాసేపు ఎదురుచూశాడు, బావ ఏదైనా అంటాడేమోనని. సంజాయిషీకో పోట్లాటకో సిద్ధపడి వచ్చిన మనిషి. రెండూ దొరక్క మళ్ళీ వెళ్ళి ఆటోలో కూర్చున్నాడు.

గిరిబాబు ఫోన్ చూసుకున్నాడు. టిక్కులు నీలమయ్యాయి.

ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. చుక్కలు కూడా కదలడం లేదు. చదివి పక్కన పెట్టేసిందా? సంచి సర్దుకుంటోందా? గదిలో ఇనప్పెట్టె మూత చప్పుడైంది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళి బతిమాలదామనిపించింది. ఆపడానికి రాయలేదని రాసింది తనే కదా అని కూర్చున్నాడు.

ఫోన్ చప్పుడైంది.

“అద్దం పట్టుకురా. అత్త సేత పంపకు.”

అతను కండువాతో అద్దం తుడిచాడు. దుమ్ము పోయింది, మూల బిళ్ళలు ఊడకుండా చూసుకున్నాడు. తలుపు దగ్గరికి నడిచి నిలబడ్డాడు. తట్టాలా వద్దా అని ఆలోచించేలోపే లోపల గొళ్ళెం తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది.

అరుణశ్రీ గడప లోపలే ఉంది, ఆ రోజు నిలబడిన చోటే. తడి జుట్టు తువ్వాలులో చుట్టుకుంది. పసుపు వాసన వేస్తోంది. కాళ్ళ దగ్గర సంచి ఉంది. అది సర్దడం అయిందో కాలేదో, దాని మూతి మాత్రం ఇంకా కట్టలేదు. గిరిబాబు ఇదంతా ఓరగా చూసి, కళ్ళు నేలకి దించేశాడు. పన్నెండు రోజుల్లో మొదటిసారి ఆవిడ ఇంత దగ్గరలో ఉంది. తలెత్తడానికి ధైర్యం చాలలేదు. అద్దాన్ని రెండు చేతులతో ఆవిడ వైపు తిప్పి పట్టుకున్నాడు.

ఆవిడ అద్దం అందుకోలేదు. ఒక చేత్తో దాన్ని నెమ్మదిగా పక్కకి నెట్టింది. ఆ చేతి మీద ఎండిన చెక్కులు నల్లగా ఉన్నాయి.

“అద్దం తర్వాత సూసుకుంటాను బావా” అంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. “ఆ రోజు నేను అడిగింది అద్దాన్ని కాదు. ముందు నువ్వు సూడు. మచ్చలుంటే ఉన్నాయని సెప్పు. ఓదార్సకు, ఉన్నదే సెప్పు. అప్పుడు సెప్తాను, బండెక్కుతానో నేదో.”

వీధిలో మోహనకృష్ణ ఆటో ఇంజను తిప్పాడు.

గిరిబాబు తలెత్తాడు.